మా వంతు ఎంత?

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ ఆవరణలో ఒక సాయంత్రం కూర్చుంటే మా బతుకు అర్థమవుతుంది. పుస్తకం మీద వంగిన తలలు వందల్లో ఉంటాయి. ఎవరిదో ఫోను అదురుతుంది. ఒకరు లేచి, గోడ పక్కకు పోయి, గొంతు తగ్గించి మాట్లాడతారు. వెనక్కి వచ్చి కూర్చున్నాక పేజీ అదే ఉంటుంది, మనసు మాత్రం ఊళ్లో ఉంటుంది. ఆ లేచిపోయేవాళ్లలో మేము ఉన్నాం. మాలో ఇద్దరం ఏటూరునాగారం వైపు కోయలం, ఒకరు ఉట్నూరు దిక్కు గోండు, ఒకరు దేవరకొండ దగ్గరి తండా. అశోక్ నగర్‌లో ఒకే గదిలో నాలుగు మంచాలు మావి.

ఫోనులో వచ్చే మాటలు దాదాపు ఒక్కటే. "అల్లుడా, మీ అత్తను గాంధీకి తోలుకొస్తున్నం, పొద్దుగాల బస్టాండ్ కాడికి రా." "కొడుకా, సర్టిఫికెట్ల పేరు తప్పు పడ్డది, జర చూడరాదు." "నువ్వు పట్నంలనే ఉన్నవ్ కదా." ఈ చివరి మాటే అసలు మాట. పట్నంలో ఉన్నావు కాబట్టి ఖాళీగా ఉన్నావు, చదువుకుంటున్నావు కాబట్టి ఉద్యోగం లేదు, ఉద్యోగం లేదు కాబట్టి వచ్చెయ్యి. ఇట్లా ముడి పడి ఉంటుంది.

మేముండే చోటు కూడా అట్లాంటిదే. మెట్రో గీతను చూడండి. ఒక కొసన జేబీఎస్, ఇంకో కొసన ఎంజీబీఎస్. మధ్యలో గాంధీ ఆసుపత్రి, ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడ. ఊరి నుంచి బస్సు దిగే చోట్లు, రోగిని చేర్చే చోటు, మేము చదువుకునే చోటు, అన్నీ ఒకే గీత మీద వరుసగా ఉన్నాయి. నారాయణగూడలో ఐపీఎం రక్తనిధి కూడా ఉంది. మాకన్నా దగ్గర ఎవరున్నారు?

ఇక్కడ ఒక మాట ముందే ఒప్పుకోవాలి. వాళ్లు అడగడంలో తప్పు లేదు. మేము ఇక్కడికి ఒంటరిగా రాలేదు. ఒకరి కోచింగ్ ఫీజుకు ఇంట్లో ఎద్దును అమ్మారు. ఇంకొకరికి మేనమామ ఇప్పపువ్వు అమ్మిన డబ్బు పంపాడు. తండా నుంచి వచ్చిన మిత్రుడి గది అద్దె మొదటి ఆరు నెలలు వాళ్లన్న కూలి డబ్బులతోనే కట్టాడు. ఆ అప్పు నిజమైన అప్పు. "ఎవరి బతుకు వాళ్లది" అని చెప్పే పుస్తకాలు ఇక్కడ పేవ్‌మెంటు మీద దొరుకుతాయి. వాటిని చదివి మేము ఈ వ్యాసం రాయడం లేదు. చుట్టాలను వదిలించుకోవాలన్న కోరిక మాకు లేదు. మా ప్రశ్న వేరు. అప్పు ఉన్నవాడు ఎప్పుడూ, ఏ పనికైనా, పిలిచిన క్షణంలో ఉండాలా? కాదంటే, ఎక్కడి దాకా ఉండాలి?

ఈ ప్రశ్న మాకు ఒక పోడు భూమి దగ్గర పుట్టింది.

మాలో ఒకరి మామకు నాలుగెకరాల పోడు ఉంది. అటవీ హక్కుల చట్టం కింద పట్టాకు దరఖాస్తు పెట్టాడు. 2023 జూన్ చివర పట్టాల పంపిణీ మొదలైనప్పుడు ఊళ్లో కొందరికి వచ్చాయి, మామకు రాలేదు. డివిజన్ స్థాయి కమిటీ దరఖాస్తును తిరస్కరించిందని కాగితం వచ్చింది. మామ ఆ కాగితం ఫొటో తీయించి మా గదికి పంపి, ఫోను చేశాడు. "సెక్రటేరియట్ మీ దగ్గర్నే కదా, కనుక్కో." మేము కాదనలేదు. "చూస్తం మామా" అన్నాం. చూస్తం అన్న మాట అప్పట్లో మా నోట్లో ఎప్పుడూ సిద్ధంగా ఉండేది.

నిజంగానే రెండు రోజులు తిరిగాం. ఒక ఆఫీసు గేటు దగ్గర పంపలేదు, ఇంకో చోట ఇది మా సంగతి కాదన్నారు. తరువాత పరీక్ష దగ్గర పడింది. మామ ఫోను చేసినప్పుడల్లా "అడుగుతున్నం, చెప్తం" అన్నాం. మామ మా మీద భరోసా పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ తరువాత పాఠంలో భాగంగానే ఆ చట్టం నియమాలు చదివాం. అప్పుడు తెలిసింది. హక్కు దరఖాస్తు మొదట గ్రామసభ చూస్తుంది, తరువాత డివిజన్ కమిటీ, చివరికి జిల్లా కమిటీ. డివిజన్ కమిటీ నిర్ణయం నచ్చకపోతే జిల్లా కమిటీకి పెట్టుకునే గడువు 60 రోజులు. ఇందులో హైదరాబాదులో జరగాల్సిన పని ఒక్కటీ లేదు. మామ చెయ్యాల్సింది ఊళ్లో అటవీ హక్కుల కమిటీ వాళ్లను కలిసి, పాత పన్ను రసీదో, ఊరి పెద్దల వాంగ్మూలమో జత చేసి, జిల్లాకు అర్జీ ఇవ్వడం. మేము "చూస్తం" అన్న రోజే "మామా, ఇది ఇక్కడ కాదు, జిల్లాలో పని, 60 రోజులే ఉంది" అని చెప్పి ఉంటే సరిపోయేది. పది నిమిషాల పని. మేము చదివేనాటికి ఆ రోజులు దాటిపోయాయి. మామ ఆలస్యంగా అర్జీ పెట్టాడు, అది ఇంకా అక్కడే ఉంది.

ఆ రాత్రి గదిలో మేం నలుగురం చాలాసేపు మాట్లాడుకున్నాం. కాదనకపోవడమే ప్రేమ అనుకున్నాం. మా చుట్టానికి చేసిన అసలు నష్టం ఆ కాదనకపోవడం వల్లే వచ్చింది. కాదని ఉంటే మామ ఆ రోజు బాధపడేవాడు, మర్నాడు ఇంకో దారి వెతుక్కునేవాడు. మా సగం అవును అతని దారి మూసేసింది. అంటే మేము కాపాడుకున్నది మామను కాదు, మామ దృష్టిలో మా మంచితనాన్ని.

మరి మా తాతల కాలంలో ఎట్లా ఉండేది అని తరువాత ఆలోచించాం. గూడెంలో అందరూ అందరికీ ఎప్పుడూ దొరికేవాళ్లని మనం అనుకుంటాం. అది పూర్తి నిజం కాదు. గూడెంలో పని వంతుల్లో ఉండేది. పూజారి చేసే పని పూజారి చేస్తాడు, పటేలు చెప్పే మాట పటేలు చెబుతాడు. గోండుల్లో నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగాలు ఉన్నాయి. పెళ్లిలో, చావులో సగా వాళ్లు చెయ్యాల్సినవి వాళ్లే చెయ్యాలి. ఆ పని ఇంటివాళ్లు మీద వేసుకోకూడదు. తండాలో నాయక్ బాధ్యత వేరు, కార్భారి బాధ్యత వేరు. చేలో పనికి వెళితే అది బదులు పని. ఈ రోజు మీ చేలో మేము, రేపు మా చేలో మీరు. ఎన్ని రోజులు వెళ్లామో రెండు ఇళ్లకూ గుర్తుంటుంది. లెక్క పెట్టుకోవడం అక్కడ స్వార్థం కాదు. లెక్క ఉంది కాబట్టే ఎవరూ అరిగిపోలేదు.

ఇంకొకటి. కోయల్లో కొత్తల పండుగ కాకముందు కొత్త చిక్కుడు కొయ్యరు, కొత్త మామిడి ముట్టరు. పిల్లవాడు ఏడ్చినా ఆగమంటారు. ఆ చెట్టు స్వార్థపరురాలని ఎవరూ అనరు. దానికి ఇంకా వేళ కాలేదని అందరికీ తెలుసు. వద్దు అనడానికి వేళ ఉంది, వంతు ఉంది. ఈ రెండూ మనకు పట్నం నేర్పినవి కావు, మన గూడెంలోవే.

మరి పట్నంలో ఏం మారింది? గూడెంలో ఇరవై మంది పంచుకున్న వంతులన్నీ ఇక్కడ ఒక్కడి మీద పడ్డాయి. బస్టాండుకు పోయేది, ఆసుపత్రిలో చీటీ రాయించేది, రక్తం తెచ్చేది, రాత్రి వరండాలో పడుకునేది, ఆన్‌లైన్ ఫారం నింపేది, అందరూ ఒక్కడే. అందువల్ల హద్దు పెట్టడమంటే మన పద్ధతి విడిచి పట్నం పద్ధతి పట్టుకోవడం కాదు. చెదిరిపోయిన వంతులను మళ్లీ పంచడం.

ఈ మాట మాకు బాగా అర్థమయ్యింది ఐపీఎం రక్తనిధిలో. చుట్టాల్లో ఒకామెకు కాన్పులో రక్తం కావలసి వచ్చి మాలో ఒకరు ఇచ్చాడు. నెలన్నర కాకముందే ఇంకో చుట్టానికి ఆపరేషన్. మళ్లీ అతనే వెళ్లాడు. అక్కడి సిస్టర్ ఎప్పుడు ఇచ్చావని అడిగింది. చెప్పాడు. వెంటనే వెనక్కి పంపింది. మగవాళ్లు ఒకసారి రక్తం ఇచ్చాక మళ్లీ ఇవ్వడానికి 90 రోజులు ఆగాలి, ఆడవాళ్లు 120 రోజులు. ఆమె కోప్పడలేదు, క్షమాపణా అడగలేదు. "ఇంకెవరినైనా తీసుకురా" అంది, అంతే. మిత్రుడు గదిలో ఇంకొకరిని లేపి తీసుకుపోయాడు. ఆపరేషన్ జరిగింది.

రక్తం ఇవ్వను అన్నవాడిని ఊరు తిడుతుంది. 90 రోజులు ఆగు అన్నదాన్ని ఎవరూ తిట్టరు. ఎందుకంటే ఆ నియమం రోగికి వ్యతిరేకం కాదు, ఇచ్చేవాడు మళ్లీ ఇవ్వగలగాలని పెట్టినది. మా సమయానికి కూడా ఇట్లాంటి నియమం కావాలనుకున్నాం. అది లేకే ప్రతిసారీ కొత్తగా ఆలోచించాల్సి వచ్చేది, ప్రతిసారీ కొత్తగా తప్పు చేసినట్టు ఉండేది.

మొదట మేము పెట్టిన నియమం తప్పిపోయింది. "పరీక్ష అయ్యేదాకా పిలవొద్దు" అని ఇళ్లకు చెప్పాం. మన రాష్ట్రంలో ఆ మాట నిలబడదు. గ్రూప్-1కు 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో నోటిఫికేషన్ వచ్చింది. ప్రిలిమ్స్ అక్టోబర్ 16న రాశాం, పేపర్ లీకై 2023 మార్చిలో రద్దయ్యింది. జూన్ 11న మళ్లీ రాశాం, అదీ రద్దయ్యింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్ 9న ప్రిలిమ్స్, అక్టోబర్‌లో మెయిన్స్. రెండేళ్లపాటు "ఇంకా అయిపోలేదా?" అని అడిగిన చుట్టాలది తప్పేముంది? పరీక్ష తేదీకి కట్టిన హద్దు పరీక్షతోపాటే జరుగుతూ పోయింది. చివరికి అది సాకులాగా వినిపించింది. తేదీకి కాదు, గంటకు కట్టాలని అప్పుడు నేర్చుకున్నాం. ఏడాది ఏదైనా సాయంత్రం ఏడు రోజూ వస్తుంది.

ఇప్పుడు మా పద్ధతి ఇది. రోజూ సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా ఫోను చుట్టాలది. ఆ గంటలో పుస్తకం మూసేస్తాం. సగం చెవితో వినం, నింపాదిగా మాట్లాడతాం. మిగతా వేళల్లో ఫోను మూగగా ఉంటుంది. ఈ సంగతి మేము ఫోనులో చెప్పలేదు, పండుగకు ఊరికి పోయినప్పుడు అమ్మానాన్నల ముందు, మామల ముందు కూర్చుని చెప్పాం. ఎదురుగా చెప్పిన మాటకు ముఖం ఉంటుంది. ఫోనులో చెబితే అది కోపంలాగా చేరుతుంది.

రెండోది, మా మండలం పిల్లలు ఈ మూడు వాడల్లో ఎంతమంది ఉన్నారో లెక్క వేశాం. పదకొండు మంది తేలారు. ఆసుపత్రి పనికి వంతు పెట్టుకున్నాం. ఎవరి చుట్టం వచ్చినా ఆ వారం వంతు ఉన్నవాడు వెళతాడు. అంటే ఒక్కొక్కరికి పదకొండు వారాలకు ఒకసారి. మొదట్లో చుట్టాలు "మా పిల్లగాడు రాలేదేంది?" అన్నారు. రెండు నెలలకు అలవాటు పడ్డారు. వాళ్లకు నిజంగా కావలసింది చీటీ రాయించే మనిషి, ఆరోగ్యశ్రీ కౌంటర్లో ఆరోగ్యమిత్ర దగ్గరికి తీసుకుపోయే మనిషి. ఆ మనిషి పేరు ఏదైతేనేమి?

మూడోది, చూస్తం అన్న మాట మానేశాం. ఒక పని అడిగితే మూడింటిలో ఒకటే చెబుతాం. చేస్తాను, ఫలానా రోజు లోపల. లేదా, నేను చెయ్యలేను, ఫలానా వాళ్లు చేస్తారు. లేదా, ఇది పట్నం పని కాదు, మండలంలోనే అవుతుంది. మూడోది ఎక్కువసార్లు నిజం. కుల ధ్రువపత్రం, పేరు సవరణ, పింఛను, పోడు, ఇవన్నీ అక్కడివే. పట్నంలో ఉన్నవాడికి అన్నీ తెలుసన్న భ్రమను మేమే పెంచాం, మేమే తగ్గించాలి.

ఇందులో మాకు దెబ్బలు కూడా తగిలాయి. దాచకుండా చెబుతాం. ఒక పెదనాన్న చనిపోయిన కబురు మధ్యాహ్నం వచ్చింది. ఫోను మూగగా ఉంది. ఏడింటికి చూసుకునేసరికి ఊళ్లో మట్టి ఇచ్చేశారు. మా మిత్రుడు ఆ రాత్రి బస్సులో పోయాడు, కానీ ముఖం చూడలేదు. ఆ బాధ పోలేదు, పోకూడదు కూడా. నియమం తప్పు కాదు, అందులో ఒక తలుపు లేకపోవడం తప్పు. తరువాత ఫోను సెట్టింగుల్లో చూస్తే, ఒకే నంబరు నుంచి 15 నిమిషాల లోపల రెండోసారి వస్తే మోగేట్టు పెట్టుకోవచ్చని తెలిసింది. అది పెట్టుకున్నాం. చావు, ప్రాణాపాయం, కాన్పు, పోలీసు, ఈ నాలుగింటికి రెండుసార్లు వెంటవెంటనే చెయ్యమని అందరికీ చెప్పాం. మొదటి నెలలో రీచార్జి కోసం కూడా రెండుసార్లు చేశారు. "అత్తా, ఇది ఆ నాలుగిట్ల లేదు గదా" అని నవ్వుతూనే చెప్పి పెట్టేశాం. నెమ్మదిగా తగ్గింది. ఒక చిన్నాన్న మాత్రం నాలుగు నెలలు మాట్లాడలేదు. దసరాకు వెళ్లి ఆయన చేలో రెండు రోజులు పని చేశాం. మూడో రోజు ఆయనే అన్నం పెట్టాడు. క్షమాపణ అడగలేదు, వంతు చెల్లించాం.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. మాతో లైబ్రరీలో చదివే ఒక చెల్లె ఉంది. మగపిల్లలను పని మీద పిలుస్తారు, ఆమెను పని లేకుండానే పిలుస్తారు. అక్క కాన్పుకు రా, వదినకు ఒంట్లో బాగాలేదు రా, ఇంట్లో వండేవాళ్లు లేరు రా. ఆమె చదువును ఇల్లు చదువుగా కాక సెలవుగా చూసింది. అక్క మొదటి కాన్పుకు వెళ్లి నెల దాటి ఉండిపోయింది. రెండో కాన్పుకు ముందే అక్కతో కూర్చుని మాట్లాడింది. "కాన్పు నాడు, తర్వాత ఐదు రోజులు నేనుంటా. ఆరో రోజు మీ అత్త రావాలె. ఆమెతో ఇప్పుడే మాట్లాడు." అక్క ఏడ్చింది. అయినా మాట్లాడింది, అత్త వచ్చింది. ఇన్నాళ్లూ ఆ అత్తను ఎవరూ అడగలేదు, చెల్లె ఉంది కదా అని. ఒకరు ఎప్పుడూ దొరుకుతుంటే మిగతావాళ్ల వంతు ఎవరికీ గుర్తు రాదు. చెల్లె లేచి వచ్చాకే అత్త వంతు బయటపడింది.

ఇక లోపల కొరికే ఆ బాధ గురించి. అది పూర్తిగా పోతుందని మేము చెప్పం. కానీ అది రెండు రకాలని తెలుసుకున్నాం. ఫోను పెట్టేశాక ఒక ప్రశ్న వేసుకుంటాం. నేను పోకపోతే నిజంగా ఎవరికి, ఏ నష్టం? జవాబులో ఒక మనిషి, ఒక నష్టం కనబడితే అది నిజమైన బాధ్యత. లేచి పోవాలి, లేదా ఇంకొకరిని పంపాలి. పెదనాన్న విషయంలో, మామ పోడు విషయంలో మాకు కలిగినది అదే. అది మాకు పని చెప్పింది, చేశాం. జవాబులో "ఏమనుకుంటారో" తప్ప ఇంకేమీ కనబడకపోతే అది బాధ్యత కాదు, మాట పడతామన్న భయం. దానికి పని లేదు, అందుకే అది తీరదు. దాన్ని తీర్చాలని పరుగెత్తితే మర్నాడు మళ్లీ అక్కడే ఉంటుంది. ఏడు గంటల దాకా దాన్ని పక్కన కూర్చోబెట్టి చదువుకోవడం మేము ఇంకా నేర్చుకుంటున్నాం.

గూడేల్లో, తండాల్లో పాఠాలు చెప్పే సార్లకు, టీచర్లకు ఒక మనవి. పిల్లను పట్నం పంపేనాడు ఇంటివాళ్లతో పుస్తకాల ఖర్చు, గది అద్దె మాట్లాడతారు. దాంతోపాటు ఆ పిల్ల వంతు ఎంతో కూడా మాట్లాడండి. ఆసుపత్రికి ఎవరు పోతారు, మండలం ఆఫీసుకు ఎవరు తిరుగుతారు, ఏ గంటకు ఫోను చెయ్యాలి. ఇది మీ నోట వస్తే ఊరి కట్టుబాటు అవుతుంది. పిల్ల నోట వస్తే పొగరు అవుతుంది.

మొన్న మామ ఏడు గంటలకు ఫోను చేశాడు. పోడు అర్జీ సంగతి జిల్లాలో తనే కనుక్కుంటున్నానని చెప్పాడు. అరగంట మాట్లాడాం. పెట్టేముందు అడిగాడు, "చదువుకునే టైం అయ్యిందా అల్లుడా?" ఇంకా అరగంట ఉంది మామా అన్నాం.